‘వైప్ చేశాం’ అని రాసే ముందు: ఒక కంపెనీ ల్యాప్‌టాప్ దొంగతనం కేసు

మధ్యాహ్నం 3:35కి ఫోన్ వచ్చింది. సేల్స్ విభాగంలో పనిచేసే సహోద్యోగి. ఒక సదస్సుకు వెళ్లారు. “నా ల్యాప్‌టాప్ బ్యాగు కనబడటం లేదండీ. హాలంతా వెతికాను, నిర్వాహకులను కూడా అడిగాను” అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నేను కంపెనీలో ల్యాప్‌టాప్‌లు, ఫోన్ల భద్రత చూస్తాను. పరికరం పోయినప్పుడు ఫిర్యాదు పత్రం తయారు చేసేది మా జట్టే. అది పోలీసులకు వెళ్తుంది, బీమా వాళ్లకు వెళ్తుంది, మా లీగల్ విభాగానికీ వెళ్తుంది. ముగ్గురూ ఒకే కాగితాన్ని మూడు రకాల ప్రశ్నలతో చదువుతారు. అందులో ఒక్క వాక్యం తప్పయినా అది ఎక్కడో ఒకచోట మళ్లీ మన ముందుకు వస్తుంది. ఈ కేసులో మేం రాసిన మొదటి పత్రంలో మూడు తప్పులున్నాయి. వాటిలో ఒకటి శీర్షికలోని ‘వైప్’, అంటే యంత్రంలోని డేటాను దూరం నుంచి చెరిపేయడం గురించి. వాటిని ఎలా పట్టుకున్నామో, ఎలా సరిదిద్దామో రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు, అసలు సీరియల్ నంబర్లు ఇవ్వడం లేదు.

ఫోన్‌లో నేను మొదట అడిగింది “ఎప్పుడు పోయింది?” అని కాదు. “ల్యాప్‌టాప్‌ను మీ కళ్లతో చివరిసారి ఎప్పుడు చూశారు?” అని. ఎప్పుడు పోయిందని అడిగితే, పోయిందని తెలిసిన సమయం చెబుతారు. ఆమె కూడా ముందు “1:50కి” అన్నారు. అది తిరిగొచ్చి కుర్చీ ఖాళీగా ఉండటం చూసిన సమయం. కాస్త ఆలోచించి చెప్పమంటే, 1:05కి సెషన్ ముగియగానే మూత వేసి, బ్యాగులో పెట్టి, బ్యాగును కుర్చీ మీదే వదిలి భోజనానికి వెళ్లానన్నారు. అంటే కళ్లతో చూసింది 1:05కి, లేదని తెలిసింది 1:50కి. ఈ రెండు సమయాలూ పత్రంలో వేరువేరు వరుసల్లో ఉండాలి. దొంగతనం జరిగింది ఆ రెండింటి మధ్య ఎప్పుడో. అంతకు మించి మనకు తెలియదు కాబట్టి అంతకు మించి రాయకూడదు.

తర్వాత అడిగింది, షట్‌డౌన్ చేశారా, మూత మాత్రమే వేశారా అని. మూత మాత్రమే వేశారు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, డిస్కులోని డేటాను ఇతరులు చదవలేని రూపంలో ఉంచే ఎన్‌క్రిప్షన్ మీద మనం ఎంత నమ్మకంగా మాట్లాడవచ్చో దీన్ని బట్టే ఉంటుంది. పూర్తిగా ఆపేసిన యంత్రంలో డిస్కు తాళంచెవి మెమరీలో ఉండదు. మూత వేస్తే యంత్రం నిద్రలోకి వెళ్తుంది, తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. మామూలు దొంగ దాన్ని బయటికి తీయలేడు. అయినా “డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, ఏ ప్రమాదమూ లేదు” అని రాయడానికి వీల్లేదు.

ఫోన్ చేతిలోనే ఉందా, లాగిన్ ఆమోదం పంపే యాప్ అందులోనే ఉందా అని అడిగాను. ఉందన్నారు. పాస్‌వర్డ్ గానీ పిన్ గానీ ఎక్కడైనా రాసిపెట్టారా అంటే లేదన్నారు. అక్కడితో ఆపేశాను. ఇంకో ప్రశ్న అడగాల్సింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

సీరియల్ నంబరు దగ్గరే మొదటి తప్పు జరిగింది. ఆమె పోలీస్ స్టేషన్‌కు బయల్దేరుతున్నారు, నంబరు వెంటనే కావాలన్నారు. మా జట్టులో ఒకరు ఆస్తుల రిజిస్టర్ తెరిచి, ఆమె పేరు ఎదురుగా ఉన్న నంబరును 3:50కి మెసేజ్ చేశారు. ఆమె 4:45కి అదే నంబరుతో ఫిర్యాదు ఇచ్చారు. దాదాపు అదే సమయంలో నేను ఇంట్యూన్‌లో ఆమె యూజర్ పేరుతో వెతికాను. కంపెనీ పరికరాలను దూరం నుంచి నిర్వహించడానికి మేం వాడేది అదే. రెండు ల్యాప్‌టాప్‌లు కనబడ్డాయి. రెండూ ఒకే మోడల్, సీరియల్ నంబర్లు మాత్రం వేరు. రిజిస్టర్‌లో ఉన్న యంత్రం నాలుగు నెలలుగా సర్వర్‌ను పలకరించలేదు. రెండోది ఆ రోజు ఉదయం 9:40కి కూడా పలకరించింది.

జరిగిందేమిటంటే, నాలుగు నెలల కింద ఆమె ల్యాప్‌టాప్ రిపేరుకొచ్చింది. అది బాగయ్యేలోపు వాడుకోమని స్టోరు నుంచి ఇంకోటి ఇచ్చారు. ఆమె దాన్నే వాడుతూ ఉండిపోయారు, రిజిస్టర్‌లో మాత్రం ఎవరూ మార్చలేదు. నిర్ధారించుకోవడానికి స్టోరు చూసే ఆయనకు వీడియో కాల్ చేశాను. ఆయన అల్మారాలోంచి పాత యంత్రాన్ని తీసి, తిరగేసి, స్టిక్కర్ మీది దుమ్ము బొటనవేలితో తుడిచి కెమెరాకు దగ్గరగా పెట్టారు. ఒక్కో అక్షరం చదివించాను. “ఎనిమిదా, ‘బీ’నా?” అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రిజిస్టర్‌లో ఉన్న నంబరు అదే. అంటే మేం పోలీసులకు ‘దొంగిలించారు’ అని చెప్పిన యంత్రం మా అల్మారాలోనే భద్రంగా ఉంది.

మర్నాడు ఉదయం ఆమె సవరణ పత్రం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నారు. ఫోన్ చేసి చెబితే చాలదా అని ఆమె అడిగారు. చాలదు. దొరికిన సామాను ముందు కూర్చున్న మనిషికి ఫైల్లో ఉన్న కాగితమే ఆధారం. స్టిక్కర్ మీద ఒక నంబరు, కాగితం మీద ఇంకో నంబరు ఉంటే అది మనదని నిరూపించుకోవడం చాలా కష్టం.

ఈ విషయంలో ఎక్కువగా తడబడేది ఏ నంబరు రాయాలి అన్న దగ్గరే. యంత్రం అడుగున రెండు మూడు నంబర్లుంటాయి. మోడల్ నంబరు ఆ రకం యంత్రాలన్నిటికీ ఒకటే, దానితో మన యంత్రాన్ని గుర్తుపట్టలేం. కంపెనీ అంటించిన ఆస్తి నంబరు స్టిక్కర్‌ను గోరుతో పీకేయవచ్చు. కంప్యూటర్ పేరు విండోస్ మళ్లీ ఎక్కిస్తే పోతుంది. తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరు మాత్రం స్టిక్కర్ మీదా, మదర్‌బోర్డులోనూ, కొన్న బిల్లు మీదా ఉంటుంది. డెల్ యంత్రాల్లో దాన్నే సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలుంటుంది. యంత్రం చేతిలో ఉన్నప్పుడే దాన్ని ఈ కమాండ్‌తో తీసిపెట్టుకోవచ్చు:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

మదర్‌బోర్డు మార్చిన యంత్రాల్లో ఈ కమాండ్ చూపేదీ స్టిక్కర్ మీద ఉన్నదీ వేరు కావచ్చు. అప్పుడు రెండూ రాసి, ఏది ఎక్కడిదో చెప్పాలి. నంబరును చూసి టైప్ చేయకుండా కాపీ చేసి అతికించాలి. `0` కు బదులు `O`, `8` కు బదులు `B`, `5` కు బదులు `S` పడితే ఆ తేడా కళ్లకు కనబడదు. ఇప్పుడు నేను పత్రంలో నంబరు పక్కనే ‘ఇంట్యూన్‌లోనూ కొన్న బిల్లులోనూ సరిపోల్చాం’ అని కూడా రాస్తాను. అది రాయాలంటే నిజంగానే రెండూ తెరిచి చూడక తప్పదు.

రెండో తప్పు, చివరిగా కనబడిన చోటు. పత్రం మొదటి చిత్తులో మా జట్టు సభ్యుడు ‘చివరి లొకేషన్’ అని వేరే ఊరి పేరు రాశారు. సదస్సు జరిగింది అక్కడ కాదు. అడిగితే సైన్-ఇన్ లాగ్‌లో ఆ ఊరే ఉందన్నారు. నిజంగానే ఉంది. మా ల్యాప్‌టాప్‌లు వీపీఎన్ మీద నడుస్తాయి. వీపీఎన్ ట్రాఫిక్ బయటికొచ్చే సర్వర్ ఆ ఊళ్లో ఉంది. లాగ్ చూపింది ఆ సర్వర్ అడ్రసును, ల్యాప్‌టాప్ ఉన్న చోటును కాదు. వీపీఎన్ లేకపోయినా ఐపీ అడ్రసును బట్టి చెప్పే ఊరు చాలాసార్లు ఇంటర్నెట్ సంస్థ కేంద్రం ఉన్న ఊరే అవుతుంది. దాన్ని అలాగే ఫిర్యాదులో రాస్తే, ల్యాప్‌టాప్ మధ్యాహ్నానికే ఊరు దాటిపోయిందని చదివేవాళ్లు అనుకుంటారు. వెతకాల్సిన చోట వెతకరు.

ఆ లాగ్‌లోనే పనికొచ్చే వరుస ఒకటి దొరికింది. 1:22కి యూజర్ ప్రమేయం లేకుండా జరిగిన సైన్-ఇన్ అది. మూత వేసినా ఈ రకం ల్యాప్‌టాప్‌లు పూర్తిగా నిద్రపోవు. మధ్యమధ్యలో లేచి మెయిల్ తెచ్చుకుంటాయి, లాగిన్ అయి ఉన్నట్టు సర్వర్‌కు చూపే టోకెన్లు కొత్తవి తీసుకుంటాయి. ఆ వరుసలోని ఐపీ వీపీఎన్‌ది కాదు. మరి సదస్సు హాలు వైఫైదేనా? ఆమె అప్పటికింకా స్టేషన్‌కు బయల్దేరలేదు, ఆ భవనంలోనే ఉన్నారు కాబట్టి తేల్చడం సులువైంది. ఫోన్‌ను అదే వైఫైకి కలిపి, ‘నా ఐపీ ఎంత’ అని చూపే పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ పంపమన్నాను. లాగ్‌లోని అడ్రసూ స్క్రీన్‌షాట్‌లోని అడ్రసూ ఒకటే.

దీన్నిబట్టి 1:22 వరకు ల్యాప్‌టాప్ ఆ వైఫై అందేంత దూరంలోనే ఉందని చెప్పవచ్చు. ‘1:22 వరకు దొంగతనం జరగలేదు’ అని మాత్రం చెప్పలేం. బ్యాగు తీసిన మనిషి అప్పటికి భవనంలోనే, మెట్ల దగ్గరో పార్కింగ్‌లోనో ఉండి ఉండవచ్చు. ఈ తేడాను పత్రంలో అలాగే రాశాం. దానివల్ల లాభం ఏమిటంటే, బ్యాగు భవనం దాటింది 1:22 తర్వాతే కాబట్టి, బయటికెళ్లే ద్వారాల కెమెరాల్లో 1:22 నుంచి 1:50 వరకు ముందు చూడమని, హాలు లోపలి కెమెరాల్లో 1:05 నుంచి చూడమని కచ్చితంగా అడగగలిగాం. ‘మధ్యాహ్నం ఫుటేజీ కావాలి’ అంటే ఎవరూ కూర్చుని చూడరు. పైగా కెమెరా రికార్డింగులు కొన్ని రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. అందుకే ఆ సాయంత్రమే నిర్వాహకులకు మెయిల్ పెట్టి, ఆ భాగాన్ని చెరిపేయకుండా విడిగా దాచమని కోరాం.

సమయాల గురించి ఒక జాగ్రత్త. చాలా లాగ్‌లు ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంటాయి. కొన్ని తెరలు వాటిని స్థానిక సమయానికి మార్చి చూపుతాయి, ఫైలుగా దించుకుంటే మళ్లీ యూటీసీలో వస్తాయి. మేం పత్రంలో స్థానిక సమయాలే వాడి, ఆ మాట పైనే రాశాం. ఇంట్యూన్ చూపే `Last check-in` ను చివరిగా కనబడిన సమయంగా రాయకూడదు. విండోస్ యంత్రాలు మామూలుగా ఎనిమిది గంటలకోసారి పలకరిస్తాయి. మా కేసులో అది ఉదయం 9:40ది. దొంగతనం గురించి అది చెప్పేదేమీ లేదు.

ఇక ‘ఇప్పటికే తీసుకున్న చర్యలు’. శీర్షికలో చెప్పిన తప్పు ఇక్కడిదే. మొదటి చిత్తులో ఒకే వాక్యం ఉంది: ‘ఖాతా బ్లాక్ చేశాం, ల్యాప్‌టాప్‌ను రిమోట్‌గా వైప్ చేశాం, డేటా సురక్షితం.’ పై అధికారులకు చదవడానికి ఊరటగానే ఉంటుంది. అందులో ఏదీ ఆ సమయానికి పూర్తిగా నిజం కాదు.

ఖాతా సంగతి. 3:44కి పాస్‌వర్డ్ మార్చి, అన్ని సెషన్లనూ రద్దు చేశాం.

```
Revoke-MgUserSignInSession -UserId user@example.com
```

దీనితో కొత్త టోకెన్లు ఆగిపోతాయి. అప్పటికే చేతిలో ఉన్న యాక్సెస్ టోకెన్ మాత్రం దాని గడువు తీరేదాకా పనిచేయవచ్చు. ఆ గడువు మామూలుగా 60 నుంచి 90 నిమిషాలు. కొన్ని యాప్‌లు రద్దును వెంటనే గమనిస్తాయి, అన్నీ గమనించవు. అందుకే ‘3:44కి రద్దు చేశాం, 5:14 తర్వాత ఈ ఖాతా నుంచి ఏ కదలికా లేదని లాగ్‌లో చూశాం’ అని రాశాం. రెండో సగం రాయడానికి 5:14 దాటేదాకా ఆగి మళ్లీ చూడాల్సి వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. మనం సర్వర్‌లో మార్చిన పాస్‌వర్డ్ నెట్‌లేని ల్యాప్‌టాప్‌కు తెలియదు. తెర ముందు కూర్చున్నవాడికి పాత పాస్‌వర్డ్ తెలిస్తే లోపలికి వెళ్లిపోతాడు. పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసిపెట్టారా అని ఫోన్‌లో మొదటే అడిగింది ఇందుకే.

తర్వాత యంత్రం. ఇక్కడ వరుస చాలా ముఖ్యం. మా జట్టులో కొత్తగా చేరిన అబ్బాయి మంచి ఉద్దేశంతోనే `Delete` నొక్కబోయాడు. ఆపాను. పరికరాన్ని జాబితాలోంచి తీసేస్తే దానితో మనకున్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ఎన్‌క్రిప్షన్ ఉందని చూపే రికార్డూ, ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కును తెరిచే రికవరీ కీ కూడా దానితోపాటే పోవచ్చు. `Retire` కూడా తప్పే. అది కంపెనీ నియంత్రణను తీసేసి యంత్రాన్ని వదిలేస్తుంది. ఉద్యోగి సొంత ఫోన్‌కు అది సరైనది, దొంగ చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌కు కాదు. యంత్రం మా కంపెనీదని మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండే ఆటోపైలట్ నమోదును కూడా కదపలేదు. ఎవరైనా విండోస్ మళ్లీ ఎక్కించి నెట్‌కు కలిపితే మొదటి తెరలోనే మా కంపెనీ లాగిన్ అడుగుతుంది. దాన్ని తప్పించుకునే దారులున్నా, కొనబోయేవాడికి అనుమానం రావడానికి ఆ తెర పనికొస్తుంది.

కాబట్టి ముందు రికార్డులు దాచాం. ఎన్‌క్రిప్షన్ స్థితి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్, విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ, హార్డ్‌వేర్ వివరాలు, వైఫై మ్యాక్ అడ్రసు అన్నీ కేసు ఫోల్డర్‌లో పెట్టాం. 3:58కి పరికరం ఎక్కడుందో కనుక్కునే ఆదేశం పంపాం, జవాబు రాలేదు. 4:20కి `Wipe` పంపాం. తెర మీద `Pending` అని వచ్చింది. యంత్రం నెట్‌కు వచ్చి ఆదేశం అందుకుంటే తప్ప వైప్ జరగదు. నెట్‌కు ఎప్పటికీ రాకపోతే ఎప్పటికీ జరగదు. ‘వైప్ ఆదేశం పంపాం, ఇంకా అందుకోలేదు’ అన్నదే నిజం.

ఎన్‌క్రిప్షన్ వాక్యాన్ని కూడా మార్చాం. ఇంట్యూన్ ‘ఎన్‌క్రిప్ట్ అయింది’ అని చూపడం వాస్తవమే, అయితే అది ఉదయం 9:40 నాటి సమాచారం. యంత్రం మూత వేసిన స్థితిలో పోయింది. ఆన్ చేయగానే అడిగే బూట్ పిన్ పెట్టని మా యంత్రాల్లో, డిస్కు తాళంచెవిని కాపాడే టీపీఎం చిప్ డిస్కును తనంతట తానే తెరిచి లాగిన్ తెర దాకా తీసుకెళ్తుంది. అంటే అక్కడ మిగిలే తాళం ఆమె పాస్‌వర్డే. ఇవి రాస్తే పత్రం బలహీనపడుతుందని మా మేనేజర్ గారు కాస్త ఇబ్బంది పడ్డారు. నేను పట్టుబట్టాను. లీగల్ విభాగం నిర్ణయం తీసుకునేది ఈ వాక్యాల మీదే. వాళ్లకు అసలు స్థితి తెలియాలి.

సరిదిద్దాక పోలీసులకూ బీమాకూ వెళ్లిన పత్రంలో ముఖ్యమైన భాగం ఇలా ఉంది. తేదీ, నంబర్లు తీసేశాను.

> సమయాలన్నీ స్థానిక సమయాలు.
>
> పోయిన వస్తువు: కంపెనీ ల్యాప్‌టాప్, నలుపు రంగు, 14 అంగుళాల తెర, మూత కుడి మూలన చిన్న గీత. తయారీదారు సీరియల్ నంబరు: ……. ఇంట్యూన్‌లోనూ కొన్న బిల్లులోనూ సరిపోల్చాం. నిన్నటి ఫిర్యాదులో ఇచ్చిన నంబరు తప్పు, దాని స్థానంలో దీన్ని తీసుకోగలరు.
>
> ఉద్యోగి చివరిసారి చూసింది: 1:05, హాలులో మూడో వరుస కుర్చీ మీద, బ్యాగులో. లేదని గమనించింది: 1:50.
>
> చివరి సాంకేతిక ఆనవాలు: 1:22, సదస్సు భవనం వైఫై నుంచి ఆటోమేటిక్ సైన్-ఇన్. యంత్రం అప్పటికి వైఫై పరిధిలో ఉందని మాత్రమే ఇది చూపుతుంది. ఆ తర్వాత ఆనవాలు లేదు.
>
> పూర్తయినవి: పాస్‌వర్డ్ మార్పు, సెషన్ల రద్దు (3:44). వీపీఎన్ సర్టిఫికెట్ రద్దు (3:52). 5:14 తర్వాత ఖాతాలో కదలిక లేదని పరిశీలన (6:10). కెమెరా ఫుటేజీ దాచమని నిర్వాహకులకు మెయిల్ (6:25).
>
> పంపినవి, ఇంకా పూర్తికానివి: లొకేషన్ ఆదేశం (3:58), జవాబు లేదు. వైప్ ఆదేశం (4:20), యంత్రం అందుకోలేదు.

మూత మూలన గీత ఉందన్న మాట ఆమె చెప్పిందే. ఇలాంటి చిన్న గుర్తు తప్పకుండా అడుగుతాను. స్టిక్కర్ పీకేసిన యంత్రాన్ని చూడగానే గుర్తుపట్టడానికి పనికొచ్చేది అదే.

ఇప్పుడు నేను అడగని ప్రశ్న. మర్నాడు ఉదయం 11 గంటలకు బీమా ఫారం నింపుతూ, బ్యాగులో ఇంకేమున్నాయి అని ఆమెను అడిగాను. ఛార్జర్, నోట్‌బుక్, మౌస్ అని చెబుతూ, “ఒక పెన్‌డ్రైవ్ కూడా ఉందండీ” అన్నారు. సదస్సులో చూపించడానికి ప్రెజెంటేషన్ అందులో పెట్టుకున్నారు. అదే ఫోల్డర్‌లో సుమారు 200 మంది కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆర్డర్ వివరాలున్న షీట్ కూడా ఉంది. పెన్‌డ్రైవ్‌కు ఎన్‌క్రిప్షన్ లేదు.

ముందురోజంతా మేం ల్యాప్‌టాప్ చుట్టూనే తిరిగాం. తాళం వేసిన వస్తువు గురించి అంత జాగ్రత్త పడ్డాం, తాళమే లేనిది పక్క జేబులో ఉందని అడగలేదు. ఆ కస్టమర్లలో యూరోపియన్ యూనియన్‌కు చెందినవాళ్లు కూడా ఉన్నారు. వ్యక్తిగత సమాచారం బయటపడిందని సంస్థకు తెలిసిన తర్వాత, సాధ్యమైనంతవరకు 72 గంటల్లోపు పర్యవేక్షణ సంస్థకు తెలపాలని అక్కడి జీడీపీఆర్ నియమం. ఆ 72 గంటలు పెన్‌డ్రైవ్ సంగతి తెలిసిన ఉదయం నుంచా, ముందురోజు మొదటి ఫోన్ నుంచా అన్న చర్చ వచ్చింది. లీగల్ విభాగం ముందురోజు నుంచే లెక్కపెట్టింది. అంటే 19 గంటలకు పైగా అప్పటికే గడిచిపోయాయి. ల్యాప్‌టాప్ ఒక్కటే అయితే, ఎన్‌క్రిప్షన్‌కు ఆధారం ఉంది కాబట్టి కస్టమర్లకు విడిగా చెప్పే అవసరం రాకపోవచ్చు. పెన్‌డ్రైవ్ వల్ల లీగల్ విభాగం వాళ్లందరికీ ఉత్తరాలు రాసింది. ఇప్పుడు మా ప్రశ్నల కాగితంలో రెండో ప్రశ్నే ‘బ్యాగులో ఇంకా ఏమున్నాయి? జేబు జేబుగా చెప్పండి’.

23వ రోజున స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో కేసులో పట్టుకున్న సామానులో కొన్ని ల్యాప్‌టాప్‌లు దొరికాయి. ఒకదాని స్టిక్కర్ మీది నంబరు మా సవరణ పత్రంలోని నంబరుతో సరిపోయింది. మూత మీద గీత కూడా ఉంది. మొదటి ఫిర్యాదు నంబరే ఉండి ఉంటే ఆ ఫోన్ మాకు వచ్చేది కాదు.

యంత్రం చేతికందాక దాన్ని ఆన్ చేయకపోవడమే మా మొదటి పని. వైప్ ఆదేశం ఇంకా `Pending` లోనే ఉంది. ఆన్ చేశాక తెలిసిన వైఫై ఏదైనా అందితే అది అక్కడికక్కడే అమలయి, ఈ 23 రోజుల్లో ఏం జరిగిందో చెప్పే ఆధారమంతా చెరిగిపోతుంది. అందుకని డిస్కును బయటికి తీశాం. రాయడానికి వీల్లేకుండా అడ్డుకునే పరికరం ద్వారా కాపీ తీసి, ఆ కాపీని నెట్‌లేని కంప్యూటర్‌లో దాచిపెట్టిన రికవరీ కీతో తెరిచాం.

```
manage-bde -unlock E: -RecoveryPassword <48 అంకెల కీ>
```

కీని ముందే దాచకుండా పరికరాన్ని జాబితాలోంచి తీసేసి ఉంటే ఈ అడుగు దగ్గరే ఆగిపోయేవాళ్లం.

విండోస్ లాగ్‌ల ప్రకారం ఆ యంత్రం దొంగతనం తర్వాత రెండుసార్లు మొదలైంది, మూడో రోజున ఒకసారి, తొమ్మిదో రోజున ఇంకోసారి. సెక్యూరిటీ లాగ్‌లో `4625`, అంటే విఫలమైన లాగిన్లు, ఏడు ఉన్నాయి. విజయవంతమైన లాగిన్‌ను చూపే `4624` లు కూడా చాలా కనబడ్డాయి. వాటిని చూసి మొదట ఉలిక్కిపడ్డాం. పేర్లు చూస్తే అవన్నీ `SYSTEM`, `DWM-1` లాంటివి, విండోస్ మొదలైన ప్రతిసారీ తనకోసం తాను చేసుకునేవి. ఆమె ఖాతా పేరుతో ఒక్కటీ లేదు. నెట్‌వర్క్‌కు కలిసిన జాడ కూడా లేదు, వైప్ ఆదేశం అందకపోవడానికి కారణం అదే.

దీన్ని కూడా ఎంతవరకు చెప్పవచ్చో అంతవరకే చెప్పాం. తెర ముందు కూర్చుని ఆమె ఖాతాలోకి ఎవరూ వెళ్లలేదని లాగ్ చూపుతుంది. డిస్కును విప్పి, ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న స్థితిలోనే ఎవరైనా కాపీ తీసి ఉంటే అది ఏ లాగ్‌లోనూ పడదు. ఆ కాపీని కీ లేకుండా చదవలేరు కాబట్టి లీగల్ విభాగం ల్యాప్‌టాప్ డేటా భాగాన్ని అక్కడితో మూసింది. పెన్‌డ్రైవ్ దొరకలేదు, ఆ భాగం తెరిచే ఉంచారు.

చివరి సవరణలో, ‘పంపినవి, ఇంకా పూర్తికానివి’ అన్న వరుస కింద వైప్ గురించి ఇలా రాశాం: ‘యంత్రం అందుకోలేదు. 23వ రోజున యంత్రం స్వాధీనమైంది. డిస్కు కాపీ తీసి పరిశీలించాం, అసలు డిస్కును విడిగా భద్రపరిచాం.’ అదే రోజు స్టోరులో ఆయనా నేనూ కూర్చుని, రిపేరుకొచ్చి వెళ్లిన యంత్రాలన్నిటినీ ఒక్కొక్కటిగా తిరగేసి, స్టిక్కర్లు చదివి రిజిస్టర్‌తో సరిచూశాం. ఇంకో మూడు తప్పుడు పేర్ల మీద ఉన్నాయి.